ఆది జాకెట్టు ప్రిన్సెస్ కట్‌గా మారేటప్పుడు

ఆది జాకెట్టు ఒంటికి అతికినట్టు ఉంటుంది. దాన్నే దర్జీ చేతికిచ్చి, ఈసారి ప్రిన్సెస్ కట్ పెట్టమంటే, వచ్చిన జాకెట్టు చంక దగ్గర నోరు తెరుచుకుంటుంది. లేదంటే ఛాతీ మీద బల్లపరుపుగా అణిగిపోతుంది. చెస్టు లూజు చూస్తే అదే, నడుము లూజూ అదే, పొడవూ అదే. టేపు పెట్టి ఎన్నిసార్లు కొలిచినా తేడా దొరకదు. అది డాట్లలో జరిగిన తేడా, చుట్టుకొలతలకు అందదు.

చాలాచోట్ల జరిగేదిది. ముందుభాగం గీసి, చంక నుంచి నడుము దాకా ఒక వంపు గీత లాగి, దాని వెంట కత్తిరించి, రెండు ముక్కలకూ కుట్టు మార్జిన్ కలిపి కుట్టేస్తారు. చూడ్డానికి ప్రిన్సెస్ కట్టే. కానీ ఆది జాకెట్టులో సైడు కుట్టు నుంచి వచ్చిన డాట్ ఏమైందని అడిగితే జవాబు ఉండదు. దాన్ని వదిలేశారు, లేదా కొత్త కుట్టులోకి అంచనాగా ఏదో కొంత కలిపేశారు. ప్రిన్సెస్ కట్ అనేది డాట్ లేని జాకెట్టు కాదు. డాట్లన్నీ ఒక పొడవాటి కుట్టులో దాక్కున్న జాకెట్టు. డాట్ ఎంతుందో అంతా ఆ కుట్టులోకి చేరితేనే పాత అమరిక నిలుస్తుంది.

డాట్ చేసే పని ఒకసారి కళ్లతో చూస్తే మిగతాదంతా తేలిక. గుండ్రంగా కత్తిరించిన కాగితంలో, అంచు నుంచి నడిమధ్య దాకా ఒక చీలిక తీసేసి అంచులు కలపండి. కాగితం మధ్యలో గొడుగులా లేస్తుంది. ఆ చీలికను పైనుంచి తీసినా, పక్క నుంచి తీసినా, కింద నుంచి తీసినా లేచే ఎత్తు ఒకటే. ఎత్తును నిర్ణయించేది చీలిక మొన దగ్గరి కోణం. జాకెట్టులో ఆ మొన ఛాతీ ఎత్తు బిందువు, అదే మన దర్జీలు అపెక్స్ అనేది. కాబట్టి సైడు డాట్‌ను చంకకు తరలించవచ్చు, కోణం చెడకుండా ఉంటే చాలు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. కోణాన్ని మరిచిపోయి, అంగుళాలను మోసుకెళ్తారు. ఒక లెక్క చూద్దాం. 36 అంగుళాల చెస్టు, ముందుభాగం సగం 9¼ అంగుళాలు, మధ్య గీత నుంచి అపెక్స్ 3¾ అంగుళాలు. అపెక్స్ నుంచి సైడు కుట్టు సుమారు 5½ అంగుళాల దూరం. సైడు డాట్ మూతి వెడల్పు 1¼ అంగుళం, నడుము డాట్ మూతి 1½ అంగుళం. కొత్త గీత చంకలో మొదలయ్యే చోటు అపెక్స్‌కు దాదాపు 4½ అంగుళాల దూరంలో ఉందనుకుందాం. సైడు డాట్‌ను అక్కడికి తిప్పితే మూతి వెడల్పు 1¼ ఉండదు. దూరం తగ్గింది కనుక అదే కోణానికి మూతి కూడా తగ్గి, అటూ ఇటూగా ఒక అంగుళం వస్తుంది. 1¼ అంగుళం కావాలని పట్టుబట్టి చంకలో అంత తీస్తే, జాకెట్టు ఛాతీ మీద మొనదేలుతుంది, చంక పట్టేస్తుంది. మూతి ఎంతో మనం నిర్ణయించక్కర్లేదు, కాగితమే చెబుతుంది.

ఆ కాగితం పని ఇలా ఉంటుంది. ఆది జాకెట్టు ముందుభాగాన్ని బ్రౌన్ పేపర్ మీద దించుకోండి. కుట్టు మార్జిన్ లేకుండా, కుట్టు గీతలు మాత్రమే దించాలి. మార్జిన్‌తో సహా తిప్పితే ప్రతి మూలా కొంచెం కొంచెం తప్పుతుంది, చివర్లో ఎక్కడ తప్పిందో పట్టుకోలేం. డాట్లు సాధారణంగా అపెక్స్‌కు ఒక అంగుళం ముందే ఆగుతాయి. వాటి మూతుల్ని కదపకుండా, రెండు గీతలనూ అపెక్స్ దాకా కొత్తగా గీయండి. తర్వాత చంకలో, అడుగు నుంచి రెండున్నర అంగుళాలు పైన ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి అపెక్స్‌కు నెమ్మదైన వంపు గీసి, దాన్ని నడుము డాట్‌లో కలపండి. కత్తెర పట్టేముందు మధ్య భాగం మీదా, సైడు భాగం కింది సగం మీదా నడుము గీతకు నిలువుగా పడుగు గీత వేసుకోవాలి. ఇప్పుడు వేయకపోతే, ముక్కలు తిరిగాక సైడు భాగాన్ని గుడ్డ మీద ఎలా పెట్టాలో తెలియదు, అది ఏటవాలుగా తెగి ఒకవైపు సాగుతుంది.

ఇప్పుడు చంక నుంచి అపెక్స్ దాకా కొత్త గీత మీద కత్తిరించండి. సైడు డాట్ కింది గీత మీద కూడా అపెక్స్ దాకా, దారం పోగంత వదిలి కత్తిరించండి. మధ్యలో ఉన్న ముక్క, అంటే చంక అడుగు ఉన్న ముక్క, అపెక్స్ దగ్గర మడతబందులా తిరుగుతుంది. దాన్ని కిందికి దించి డాట్ పై గీతను కింది గీతకు కలిపి టేపు అంటించండి. సైడు డాట్ మూసుకుంటుంది, చంకలో అంతే కోణం తెరుచుకుంటుంది. చివరగా నడుము డాట్ ముక్కను తీసేస్తే రెండు భాగాలు విడిపోతాయి. ఆది జాకెట్టులో హుక్కుల పట్టీ వైపు నుంచి ఇంకో డాట్ ఉంటే దాన్నీ ఇలాగే మూయాలి. చంకలో ముందే డాట్ ఉంటే పని ఇంకా తేలిక, కొత్త గీతను దాని మూతి దగ్గరే మొదలుపెడితే సరి.

ఇంతవరకు చాలామంది సరిగానే చేస్తారు. చేయి తప్పేది తర్వాత, వంపు సరిదిద్దేటప్పుడు. సైడు భాగం అంచు చూస్తే అపెక్స్ దగ్గర కోసుగా ఒక మూల పొడుచుకొస్తుంది. అలాగే కుడితే జాకెట్టు మొనదేలుతుంది. అందుకని ఆ మూలను కత్తెరతో గుండ్రంగా కొట్టేస్తారు. ఛాతీకి గుడ్డ అన్నిటికన్నా ఎక్కువ కావాల్సిన చోటే గుడ్డ పోతుంది. లెక్క చూడండి: ఒక్కో సైడు భాగంలో అంగుళంలో ఎనిమిదో వంతు పోతే, రెండు వైపులా కలిపి పావు అంగుళం పోయినట్టు. మధ్య భాగాలను కూడా అంతే గీకితే అర అంగుళం. బిగుతు జాకెట్టులో అర అంగుళం అంటే ఒక హుక్కు పట్టకపోవడమే.

మూల కోసుగా ఎందుకు వచ్చిందో ఆలోచిస్తే పరిష్కారం కూడా అక్కడే ఉంది. పాత జాకెట్టులో డాట్లు అంగుళం ముందే ఆగిపోయేవి, ఆఖరి అంగుళంలో కుట్టు లేక గుడ్డ వదులుగా ఉండేది. మనం గీతలను అపెక్స్ దాకా లాగి ఆ వదులును తినేశాం. దాన్ని తిరిగి ఇచ్చేయాలి. అపెక్స్ బిందువును ముట్టుకోకుండా, దానికి పైన ఒక అంగుళం, కింద ఒక అంగుళం మేర సైడు భాగం గీతను ఎనిమిదో వంతు అంగుళం బయటికి జరిపి, నున్నగా కలపండి. మూల గుండ్రమవుతుంది, గుడ్డ పోదు. మొనను కోయడం కన్నా దాని భుజాలను నింపడం మంచి పద్ధతని నా అభిప్రాయం. కోయక తప్పని చోట కూడా ఎనిమిదో వంతు దాటకూడదు.

కాగితం మీదే మూడు చోట్ల సరిచూసుకుంటే గుడ్డ వృథా కాదు. అపెక్స్ ఎత్తులో మధ్య భాగం 3¾, సైడు భాగం 5½, కలిపి 9¼ రావాలి, అంటే పాత ముందుభాగంతో సమానంగా. రెండు భాగాలను కుట్టు గీత మీద కుట్టు గీత ఉంచి పక్కపక్కన పెడితే చంక వంపు పాతదాని పొడవే ఉండాలి, అతుకు దగ్గర గూడులా లోపలికి పోకూడదు. ఇక మూడోది, కుట్టు గీతల పొడవు. మధ్య భాగం అంచును సైడు భాగం అంచు మీద కొద్దికొద్దిగా తిప్పుతూ నడిపించండి. నడుము నుంచి అపెక్స్ దాకా, అక్కడి నుంచి చంక దాకా విడివిడిగా చూడాలి. నింపిన వంపు వల్ల సైడు భాగం కొంచెం పొడవు తేలుతుంది. పావు అంగుళం లోపు ఉంటే కుట్టులో సర్దుకుంటుంది. అంతకన్నా ఎక్కువైతే వంపు ఎక్కువ బయటికి లాగారన్నమాట, గీత మళ్లీ గీయాలి. సరిపోయాక అపెక్స్ దగ్గర, దానికి రెండు అంగుళాలు పైనా కిందా రెండు భాగాల మీదా గాట్లు పెట్టండి. సర్దుబాటంతా ఆ గాట్ల మధ్యే జరగాలి. ఆ తర్వాతే కుట్టు మార్జిన్ కలపాలి. వంపు కుట్టుకు అర అంగుళం చాలు. వదులు చేసుకోవడానికి వదిలే ఎక్కువ గుడ్డను సైడు కుట్టులోనే ఉంచండి, వంపులో అది లోపల పరుచుకోదు.

కుట్టేటప్పుడు మధ్య భాగం మార్జిన్‌లో, చంకకూ అపెక్స్‌కూ నడుమ, కుట్టు గీత దగ్గరి దాకా చిన్న గాట్లు పెడితే అది సైడు భాగం వంపుకు తగ్గట్టు తెరుచుకుంటుంది. పొడవు తేలిన సైడు భాగాన్ని కిందికి, మెషిన్ పళ్ల వైపు పెట్టండి. పళ్లు కింది గుడ్డను కాస్త ఎక్కువ లాక్కుంటాయి కనుక ఆ పావు అంగుళం ముడత పడకుండా సర్దుకుంటుంది. ఇస్త్రీ చుట్టిన తువ్వాలు మీద చేయాలి. బల్ల మీద చదునుగా చేస్తే కష్టపడి తెచ్చిన ఆకారం అణిగిపోతుంది.

లైనింగ్ గుడ్డతో ఒకటి కుట్టి వేసుకుని చూస్తే తప్పు ఎక్కడుందో ఒళ్లే చెబుతుంది. చంక ముందు వైపు తెరుచుకుంటే సైడు డాట్ పూర్తిగా మూయలేదు, లేదా చంకలో తెరుచుకున్న కోణమంతా తీయలేదు. అపెక్స్ మీద అడ్డంగా లాగినట్టు గీతలు వస్తే మూల ఎక్కువ కోసేశారు. అపెక్స్‌కు పైన చిన్న ముడతలు గుంపుగా ఉంటే గాట్లు కలవలేదు, సర్దుబాటు గుడ్డంతా ఒకేచోట పోగైంది. కుట్టు గీత ఛాతీ ఎత్తుకు పక్కగా పోతుంటే అర అంగుళం దాకా భరించవచ్చు. అంతకు మించితే మాత్రం కుట్టు నుంచి అపెక్స్ వైపు చిన్న డాట్ మిగిల్చుకోక తప్పదు. దాన్ని కుట్టులో సర్దేద్దామంటే ముడతలే మిగులుతాయి.

ఒక మాట గుడ్డ గురించి. సాదా పట్టు, కాటన్, చిన్న పూల గుడ్డలకు ప్రిన్సెస్ కట్ అందమే. గళ్ల గుడ్డ, నిలువు చారల గుడ్డ అయితే సైడు భాగం తిరిగిన చోట గళ్లు కలవవు. ఎంత జాగ్రత్తగా కోసినా నడుము దగ్గర కలిస్తే చంక దగ్గర విరుగుతాయి. అలాంటి చీరకు డాట్ల జాకెట్టే మేలు.