రాణికి ఫాల్స్, పద్మకి జాకెట్లు

ఎకనామిక్స్ క్లాసులో నేను చూపించే స్లయిడ్‌లో ఇద్దరు కుట్టుపని వాళ్లుంటారు. పద్మ ఎనిమిది గంటలూ జాకెట్లే కుడితే 4 అవుతాయి, చీరల ఫాల్స్ మాత్రమే కుడితే 16. రాణికైతే జాకెట్లు 2, ఫాల్స్ 12. స్లయిడ్‌లో ఉన్నది ఈ నాలుగు అంకెలే. అయినా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు: "మేడమ్, పద్మకి రెండు పనులూ బాగా వచ్చు కదా, ఇక రాణితో పనేముంది?"

పద్మ చేతివేగం గురించి ఆ ప్రశ్న అడిగినవాళ్లు చెప్పింది నిజమే. కానీ పద్మకి కూడా రోజుకి ఎనిమిది గంటలే. ఒక జాకెట్టుకి ఆమెకి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో 4 ఫాల్స్ కుట్టి ఉండేది. అంటే పద్మ చేతిలో జాకెట్టు అసలు ఖరీదు ఆ 4 ఫాల్స్. ఒకటి చేయడానికి వదులుకున్న దాన్నే అవకాశ వ్యయం అంటారు. రాణి ఒక జాకెట్టుకి నాలుగు గంటలు కూర్చుంటే 6 ఫాల్స్ పోతాయి. జాకెట్టు పద్మ దగ్గర చవక, రాణి దగ్గర ఖరీదు.

ఇప్పుడు ఫాల్ వైపు నుంచి చూడండి. ఒక ఫాల్ కోసం పద్మ వదులుకునేది పావు జాకెట్టు, రాణి వదులుకునేది ఆరో వంతే. కాబట్టి ఫాల్ రాణి దగ్గర చవక. పని వేగంలో రెండింట్లోనూ వెనకబడిన మనిషికి కూడా ఒకదాంట్లో ఇలా పైచేయి ఉంటుంది. దాన్నే తులనాత్మక ప్రయోజనం అంటారు.

లాభం ఎక్కడుందో చూద్దాం. ఇద్దరూ చెరి సగం రోజు ఒక్కో పని చేస్తే పద్మకి 2 జాకెట్లు, 8 ఫాల్స్. రాణికి 1 జాకెట్టు, 6 ఫాల్స్. మొత్తం 3 జాకెట్లు, 14 ఫాల్స్. అలా కాకుండా రాణి రోజంతా ఫాల్స్ మీదే కూర్చుంటే 12 వస్తాయి. పద్మ ఆరు గంటల్లో 3 జాకెట్లు ముగించి, మిగిలిన రెండు గంటల్లో 4 ఫాల్స్ వేస్తుంది. జాకెట్లు అవే 3, ఫాల్స్ మాత్రం 16. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ పనిచేయలేదు, రెండు ఫాల్స్ మాత్రం అదనంగా వచ్చాయి.

ఆ రెండూ ఎవరికి? అది బేరం మీద ఉంటుంది. పద్మ ఒక జాకెట్టిచ్చి 5 ఫాల్స్ తీసుకుంటే ఆమెకి 2 జాకెట్లు, 9 ఫాల్స్. రాణికి 1 జాకెట్టు, 7 ఫాల్స్. ఇద్దరికీ చెరో ఫాల్ మిగిలింది. బేరం 4 దగ్గర తెగితే మిగులంతా రాణిది, 6 దగ్గర తెగితే పద్మది. ఆ హద్దులు దాటితే ఒకరికి నష్టమే, పొత్తు నిలవదు.

పరీక్షలో పిల్లలు బోల్తా పడేది మాత్రం ఇక్కడ కాదు, పట్టిక చదవడంలో. నా స్లయిడ్‌లో ఉన్నది ఉత్పత్తి, అంటే అంకె పెద్దదైతే మేలు. అదే పట్టికను గంటల్లో ఇస్తే పెద్ద అంకె అంటే నిదానం. ఉత్పత్తి పట్టికలో జాకెట్టు ఖరీదు తెలియాలంటే ఫాల్స్‌ని జాకెట్లతో భాగించాలి, 16ని 4తో. గంటల పట్టికలో జాకెట్టు సమయాన్ని ఫాల్ సమయంతో భాగించాలి, రెండు గంటల్ని అరగంటతో. రెండు దారుల్లోనూ 4 రావాలి. పావు వచ్చిందంటే తిరగేసి భాగించారన్నమాట.

1817లో ఈ ఆలోచనను ప్రచారంలోకి తెచ్చిన డేవిడ్ రికార్డో ఇచ్చింది కూడా శ్రమ లెక్కే. ఏడాదికి కొంత వైన్ తయారీకి పోర్చుగల్‌లో 80 మంది, ఇంగ్లండ్‌లో 120 మంది. కొంత బట్టకి 90 మంది, 100 మంది. పోర్చుగల్‌కి రెండూ తేలికే. అయినా అక్కడ వైన్ ఖరీదు బట్టలో ఒక వంతుకన్నా తక్కువ, ఇంగ్లండ్‌లో 1.2 వంతులు. అందుకని వైన్ పోర్చుగల్‌ది, బట్ట ఇంగ్లండ్‌ది.

స్లయిడ్‌లో చెప్పనిదొకటుంది. ఈ అంకెలు రాణి నుదుటి రాతలు కావు. కత్తిరింపు, మెడ పట్టీలు, చేతుల అమరిక నేర్చుకుని ఆమె జాకెట్టు రెండున్నర గంటల్లో ముగించిందనుకోండి. ఫాల్‌కి మాత్రం ఇప్పటిలాగే 40 నిమిషాలే. ఇప్పటికీ రెండింట్లోనూ పద్మకన్నా నిదానమే. కానీ ఆమె జాకెట్టు ఖరీదు 3.75 ఫాల్స్‌కి దిగుతుంది, పద్మది 4 దగ్గరే ఉంది. అప్పుడు జాకెట్లు రాణి చేతికి రావాలి. రోజంతా ఫాల్స్ మీదే కూర్చోబెడితే ఆ రెండున్నర గంటల దాకా ఆమె ఎలా చేరుతుందన్నది ఈ పట్టికలో లేదు.