ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైనప్పుడు

మగపిల్లలు లేని ముస్లిం ఇంటి పెద్ద చనిపోతే బంధువుల్లో ముందు వినిపించే మాట, "ఆడపిల్లలే కదా, సగం ఆస్తి అన్నదమ్ములకే పోతుంది" అని. చాలా ఇళ్లలో కూతుళ్లు కూడా ఇదే నిజమనుకుని ఊరుకుంటారు. లెక్క వేసి చూస్తే సంగతి వేరుగా ఉంటుంది.

మన దేశంలో ముస్లింల వారసత్వానికి 1937 నాటి షరియత్ చట్టం వర్తిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమంది సున్నీలు, హనఫీ పద్ధతి పాటించేవారు. భార్య, భర్త, తల్లి, తండ్రి, కూతుళ్ల వాటాలకు ఆధారం ఖురాన్‌లోని సూరా అన్‌నిసా. ఆ వాటాలు పోగా మిగిలినది దగ్గరి మగ బంధువుకు చెందుతుంది. కొడుకు ఉంటే ఆ మిగులు కొడుకులకూ కూతుళ్లకూ కలిపి వెళ్తుంది. అందులో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. కర్నూలులో ఒకాయన చనిపోయారు. ఆయనకు భార్య, ఇద్దరు కూతుళ్లు, అమ్మానాన్న, ఒక తమ్ముడు ఉన్నారు. ఇల్లు, బ్యాంకు సొమ్ము కలిపి 59 లక్షలు. ముందుగా అంత్యక్రియల ఖర్చు, అప్పులు తీసేయాలి. అవి 4 లక్షలు. నిఖా నాడు ఒప్పుకుని ఇవ్వకుండా మిగిలిన మెహర్ కూడా భర్త బాకీయే. అది ఇంకో లక్ష. ఆ లక్ష భార్య వాటాలో భాగం కాదు, వాటా కన్నా ముందు ఆమెకు రావలసిన సొమ్ము. పంపకాలప్పుడు పెద్దలు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. వసీయత్ రాసి ఉంటే, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే చెల్లుతుంది. వారసుల్లో ఒకరికే రాస్తే మిగతా వారసులు ఒప్పుకోవాలి. ఈయన ఏమీ రాయలేదు కాబట్టి పంచాల్సింది 54 లక్షలు.

పిల్లలున్నారు కనుక భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు, తండ్రికి ఆరో వంతు. ఇద్దరు కూతుళ్లకు కలిపి మూడింట రెండు వంతులు. ఆస్తిని 24 పాళ్లు చేస్తే భార్యకు 3, తల్లికి 4, తండ్రికి 4, కూతుళ్లకు 16 రావాలి. కూడితే 27! ఉన్నవి 24 పాళ్లే.

ఇక్కడ ఎవరి వాటానూ ఎగ్గొట్టరు. ఆస్తినే 27 పాళ్లు చేస్తారు. అప్పుడు లోటు అందరి మీదా వాళ్ల వాటాల దామాషాలోనే పడుతుంది. ఈ పద్ధతి పేరు ఔల్. హజ్రత్ అలీ మింబర్ మీద ప్రసంగిస్తుండగా ఎవరో ఇదే లెక్క అడిగారని, భార్య ఎనిమిదో వంతు తొమ్మిదో వంతైందని ఆయన అక్కడికక్కడే చెప్పారని సంప్రదాయం. అందుకే దీన్ని మింబరియా అంటారు. మన కుటుంబంలో ఒక్కో పాలు 2 లక్షలు. భార్యకు 6 లక్షలు, తల్లికి 8, తండ్రికి 8, కూతుళ్లకు 16 చొప్పున 32. షియాల్లో ఔల్ లేదు. అక్కడ ఈ లోటంతా కూతుళ్ల వాటాలోంచే పోతుంది.

తమ్ముడికి? ఏమీ రాదు. మిగిలిందేమీ లేదు, పైగా తండ్రి బతికుంటే తమ్ముడి దాకా వారసత్వం వెళ్లదు.

తండ్రి ముందే పోయి ఉంటే? 24 పాళ్లలో భార్యకు 3, తల్లికి 4, కూతుళ్లకు 16, మొత్తం 23. మిగిలిన ఒక్క పాలు తమ్ముడిది. 54 లక్షల్లో రెండుంపావు లక్షలు. సగం ఎక్కడ, ఇరవై నాలుగో వంతు ఎక్కడ! కూతురు ఒక్కతే అయితే మాత్రం ఆమె వాటా సగమే. అప్పుడు తమ్ముడికి 5 పాళ్లు, అంటే పదకొండుంపావు లక్షలు వస్తాయి. అన్నదమ్ముల హక్కు నిజమైనదే. అది ఎంతన్నది మిగులును బట్టి ఉంటుంది.

ఇంకో పొరపాటు సంతకాల దగ్గర జరుగుతుంది. పెళ్లి ఖర్చు పెట్టాం కదా అంటూ తండ్రి బతికుండగానే కూతురి చేత "నాకు వాటా వద్దు" అని రాయించుకుంటారు. ముస్లిం చట్టంలో పుట్టుకతో వచ్చే హక్కు లేదు, తండ్రి పోయిన క్షణంలోనే వాటా పుడుతుంది. పుట్టని హక్కును వదులుకోవడం మామూలుగా చెల్లదు. అయితే ఆ రాతకు బదులుగా ఆమె డబ్బో స్థలమో తీసుకుని ఉంటే, తర్వాత వాటా అడిగినప్పుడు కోర్టు దాన్ని ఆమెకు వ్యతిరేకంగా పరిగణించవచ్చు. కాబట్టి అలాంటి కాగితం ఉన్న కూతురు అసలు చూసుకోవాల్సింది, ఆ రోజు తన చేతికి ఏమైనా వచ్చిందా అన్నది.