మ్యాపులో ఉంది, వీధిలో లేదు

మీ ఇంటి తాళంచెవి లోపల ఉండిపోయింది. మీరు బయట ఉన్నారు. చీకటి పడుతోంది. అప్పుడు మీరేం చేస్తారు? జేబులోంచి ఫోన్ తీసి, మ్యాపులో "లాక్‌స్మిత్" అని వెతుకుతారు. చాట్స్‌వర్త్‌లో ఉండే మా పిన్ని కూడా అదే చేసింది. అది ఒక ఆదివారం సాయంత్రం.

మ్యాపులో మొదట కనిపించిన పిన్ను ఆమె ఇంటికి ఆరువందల మీటర్ల దూరంలోనే ఉంది. ఐదు నక్షత్రాలు, నలభై ఒక్క రివ్యూలు, ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంటుందని రాసి ఉంది. ఫోన్ చేస్తే, "250 రాండ్ల నుంచి మొదలు, మేడమ్. పదిహేను నిమిషాల్లో వస్తాం" అన్నారు. గంటన్నర తర్వాత ఒకతను వచ్చాడు. కారు మీద ఏ పేరూ లేదు. తాళాన్ని ఒక్కసారి చూసి, "ఇది హై సెక్యూరిటీ తాళం, డ్రిల్ చేయాలి" అన్నాడు. నిజానికి అది ప్రతి ఇంట్లో ఉండే మామూలు లివర్ తాళం. తెలిసినవాడైతే చిన్న పనిముట్లతో దాన్ని విరగ్గొట్టకుండానే తీస్తాడు. ఇతను తాళాన్ని పాడుచేసి, కొత్తది వేసి, 3,200 రాండ్లు అడిగాడు. చీకట్లో ఒంటరిగా ఉన్న పిన్ని కార్డు తీసి ఇచ్చేసింది.

మర్నాడు నాకు ఫోన్ చేసింది. "ఒరే, ఆ షాపు ఇక్కడే, పక్క వీధిలోనే ఉంది. నువ్వు వెళ్లి వాళ్లతో మాట్లాడరా" అంది.

వెళ్లాను. మ్యాపులో ఇంటి నంబరు 214 అని ఉంది. ఆ వీధిలో నంబర్లు 58తో ఆగిపోయాయి. పిన్ను ఉన్నచోట ఒక గోడ, గోడ మీద నిద్రపోతున్న ఒక పిల్లి ఉన్నాయి. షాపు లేదు. ఎప్పుడైనా ఉండేదా అని ఎదురింటి ముసలాయనను అడిగాను. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉంటున్నానని, అక్కడ తాళాల షాపు అనేదే లేదని నవ్వుతూ చెప్పాడు.

షాపు లేకుండా పిన్ను ఎందుకు పెడతారు? దీని వెనక లెక్క సులభం. మీరు "దగ్గర్లో" అని వెతికినప్పుడు మ్యాపు మూడు సంగతులు చూస్తుంది. మీరు అడిగినదానికి ఆ వ్యాపారం సరిపోతుందా, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది. నిజమైన లాక్‌స్మిత్‌కు ఒకే షాపు ఉంటుంది, కాబట్టి అతను ఒక పేటకు మాత్రమే దగ్గర. అబద్ధపు చిరునామాలతో ఇరవై పిన్నులు పెట్టినవాడు ఇరవై పేటలకూ దగ్గరే. పిన్ను పెట్టడానికి డబ్బు కట్టక్కరలేదు. ఆ ఫోన్లన్నీ ఒకే చోటికి వెళతాయి. అక్కడ కూర్చున్నవాళ్లు ఆ పనిని కారులో తిరిగే ఒక మనిషికి అప్పగించి, వచ్చిన డబ్బులో వాటా తీసుకుంటారు. అందుకే ఫోన్‌లో చెప్పిన ధర ఒకటి, గుమ్మం దగ్గర అడిగే ధర ఇంకొకటి. ఫోన్‌లో మాట్లాడినవాడి పని మిమ్మల్ని పట్టుకోవడం వరకే.

తాళం తీసేవాళ్లు, ప్లంబర్లు, కార్లు లాగే టోయింగ్ వాళ్లు, ఈ పనుల్లోనే ఈ మోసం ఎక్కువ. ఎందుకంటే మీరు వాళ్ల షాపుకు వెళ్లరు, వాళ్లే మీ ఇంటికి వస్తారు. షాపు ఉందో లేదో మీరు ఎప్పటికీ చూడరు. పైగా మీరు తొందరలో ఉంటారు. సెలూన్‌కు, హోటల్‌కు అబద్ధపు చిరునామా పెడితే మొదటి రోజే బయటపడుతుంది.

ఇది మన డర్బన్‌లో పుట్టిన విద్య కాదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, గూగుల్ వాళ్లు కలిసి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. మ్యాపులోంచి తీసేసిన లక్షకు పైగా దొంగ లిస్టింగులను వాళ్లు పరిశీలించారు. వాటిలో సుమారు నలభై శాతం ఇలా పిలిస్తే ఇంటికి వచ్చే పనులవే. ఎక్కువ భాగం అమెరికాలో ఉన్నాయి, ఆ తర్వాతి స్థానం భారతదేశానిది. 2025 మార్చిలో గూగుల్ అమెరికాలో ఒక కోర్టు కేసు కూడా వేసింది. అది మొదలైంది టెక్సస్‌లోని ఒక తాళాల వ్యాపారి ఫిర్యాదుతో. తన పేరు ఇంకెవరో వాడుకుంటున్నారని అతను చెప్పాడు. ఆ దారం పట్టుకుని లాగితే పదివేలకు పైగా దొంగ లిస్టింగులు బయటపడ్డాయి.

ఇప్పుడు పిన్ని ఫోన్ తీసుకుని, మెల్లగా అదే లిస్టింగును చూద్దాం. మీరు కూడా మీ ఫోన్‌లో ఇలాగే చూడవచ్చు.

మొదట చిరునామా. పిన్ను మీద నొక్కితే వీధి ఫొటో కనిపిస్తుంది. దాన్ని Street View అంటారు. మేము చూసినప్పుడు అదే గోడ కనిపించింది, పిల్లి మాత్రం లేదు. ఫొటో ఏ నెలలో తీశారో అక్కడే రాసి ఉంటుంది, అది కూడా చూడండి. ఐదేళ్ల కిందటి ఫొటో అయితే కొత్త షాపు అందులో కనిపించదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చిరునామా లేని లిస్టింగులన్నీ దొంగవి కావు. ఇంటి నుంచే పనిచేసే ప్లంబర్లు మనవాళ్లలోనే ఎంతమంది లేరు? అలాంటివాళ్లు చిరునామా దాచి, ఏ ప్రాంతాలకు వస్తారో మాత్రమే చూపాలని గూగుల్ నియమమే చెబుతోంది. కాబట్టి చిరునామా చూపకపోవడం తప్పు కాదు. లేని చిరునామా చూపడమే తప్పు.

తర్వాత ఫోన్ నంబరు. ఆ లిస్టింగులోని నంబరు 087తో మొదలైంది. డర్బన్ ల్యాండ్‌లైన్ 031తో మొదలవుతుందని మీకు తెలుసు. 087 ఏ ఊరిదీ కాదు, ఇంటర్నెట్ మీద నడిచే నంబరు. మంచి వ్యాపారులు కూడా దాన్ని వాడతారు, అందుకని అదొక్కటే సాక్ష్యం కాదు. కానీ ఆ నంబరును వెతికే పెట్టెలో వేసి చూశాం. అదే నంబరుతో ఫీనిక్స్‌లో ఒక పేరు, టొంగాట్‌లో ఒక పేరు, పైన్‌టౌన్‌లో ఇంకొక పేరు! ఒక్క ఫోన్, నాలుగు ఊళ్లు, నాలుగు పేర్లు. నాకైతే అక్కడితోనే సందేహం తీరిపోయింది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనవి రివ్యూలు. నక్షత్రాలు చూసి ఆగిపోకండి, మాటలు చదవండి. రివ్యూలను పాతవి వచ్చేదాకా కిందికి జరిపాం. కొత్తవాటిలో "చాలా మంచి సేవ", "తొందరగా వచ్చారు" అని రెండేసి మాటలు. నాలుగేళ్ల కిందటిదానిలో ఒకామె ఇలా రాసింది: తన జుట్టుకు రంగు చాలా బాగా వేశారట, పెళ్లిలో అందరూ మెచ్చుకున్నారట. తాళాల షాపులో జుట్టుకు రంగా? పిన్ని అంత కోపంలోనూ పడీపడీ నవ్వింది.

జరిగింది ఇది. అది ఒకప్పుడు నిజమైన సెలూన్ లిస్టింగు. సెలూన్ మూతపడింది. ఆ లిస్టింగును ఎవరో చేజిక్కించుకుని పేరు, పని, చిరునామా మార్చేశారు. ఎందుకింత శ్రమ? కొత్త లిస్టింగు పెట్టాలంటే నిజమైన వ్యాపారమని చూపించాలి. పూర్వం గూగుల్ ఆ చిరునామాకు ఒక కోడ్ ఉన్న కార్డును పోస్టులో పంపేది. మోసగాళ్లు అద్దె పోస్టు పెట్టెలు తీసుకుని ఆ కార్డులు అందుకునేవారు. ఇప్పుడు చాలాసార్లు వీడియో అడుగుతున్నారు. వీధి, బోర్డు, పనిముట్లు అన్నీ ఆపకుండా తీసి చూపాలి. అది కష్టం కాబట్టి, ఎప్పుడో పరీక్ష దాటిన పాత లిస్టింగుకు గిరాకీ ఉంటుంది. పాత నక్షత్రాలు కూడా దాంతోపాటే వస్తాయి.

రివ్యూ రాసినవారి పేరు మీద కూడా నొక్కి చూడండి. ఆ మనిషి ఇంకెక్కడ రివ్యూలు రాశాడో కనిపించవచ్చు. మేము చూసిన ఒకతను ఒకే వారంలో డర్బన్‌లో తాళం తీయించుకుని, ఇంగ్లండులో పైపు బాగుచేయించుకుని, కెనడాలో కారు లాగించుకున్నాడు. పాపం, ఎంత దురదృష్టవంతుడో!

అయితే గుమ్మం బయట చీకట్లో నిలబడి ఇవన్నీ చూడగలరా? చూడలేరు. అప్పుడు ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. మీ వ్యాపారం పూర్తి పేరేమిటి? మీ షాపు పక్కన ఏముంది? మీ పీఎస్ఐఆర్ఏ నంబరెంత? ఈ మూడో ప్రశ్న చాలామందికి తెలియదు. దక్షిణాఫ్రికాలో 2001 నాటి చట్టం ప్రకారం తాళాలు తీసే పని కూడా సెక్యూరిటీ పనే. లాక్‌స్మిత్ ఆ సంస్థలో నమోదు అయి ఉండాలి. నిజమైనవాడు నంబరు వెంటనే చెబుతాడు. పిన్ని కోసం నేను ఆ 087 నంబరుకు ఫోన్ చేసి ఇవే అడిగాను. "లాక్‌స్మిత్ సర్వీస్" అన్నారు తప్ప పేరు చెప్పలేదు. పక్కన ఏముందని అడిగితే, "మీ అడ్రసు చెప్పండి సార్" అన్నారు. మూడో ప్రశ్నకు ఫోన్ పెట్టేశారు.

మనిషి వచ్చాక, పని మొదలుపెట్టకముందే మొత్తం ధర రాసి ఇమ్మని అడగండి, వాట్సాప్‌లో అయినా సరే. మీరు అంచనా అడిగి తీసుకుంటే, మీ ఒప్పుకోలు లేకుండా అంతకు మించి వసూలు చేయకూడదని మన వినియోగదారుల చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. పిన్ని దగ్గర రాసిన అంచనా లేదు, బిల్లూ లేదు. కార్డు చీటీ మీద ఉన్న పేరు మ్యాపులో పేరు కాదు. అందుకే ఎవరి మీద ఫిర్యాదు చేయాలో కూడా తేలలేదు. ఆ 3,200 రాండ్లు తిరిగి రాలేదు.

లిస్టింగుల మీద మాత్రం ఫిర్యాదు చేశాం. లిస్టింగులో Suggest an edit నొక్కి, తర్వాత Close or remove నొక్కితే కారణాలు కనిపిస్తాయి. ఆ చోట అది లేదని చెప్పే కారణాన్ని ఎంచుకున్నాం. ఒకే నంబరు ఉన్న నాలుగింటికీ విడివిడిగా పంపాం. గోడ ఫొటో కూడా పెట్టాం. పది రోజుల్లో రెండు పోయాయి. రెండు ఇంకా ఉన్నాయి. నిన్న చూస్తే ఫీనిక్స్‌లో కొత్త పేరుతో ఇంకొకటి మొలిచింది, దానికీ పంపాను.

పిన్ని ఇప్పుడు ఒక నిజమైన లాక్‌స్మిత్ షాపుకు పగటిపూట స్వయంగా వెళ్లి, బోర్డు చూసి, కార్డు తెచ్చుకుంది. ఒక తాళంచెవి పక్కింటి అక్కకు ఇచ్చింది. "ఆవిడ పిన్ను నాకు మ్యాపులో అక్కర్లేదు, కిటికీలోంచే కనిపిస్తుంది" అంటోంది.