సొరంగం తవ్వాక తీసిన లెక్క

ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్య సముద్రం అడుగున సొరంగం తవ్వక ముందు, అందులో నడిచే యూరోస్టార్ రైళ్లకు తొలి ఏళ్లలోనే ఏటా కోటీ 59 లక్షల మంది ప్రయాణికులు వస్తారని అంచనా వేశారు. 1994లో సొరంగం తెరిచారు. 1995లో యూరోస్టార్ ఎక్కినవాళ్లు సుమారు 29 లక్షల మంది. 2001లో కూడా సుమారు 69 లక్షలే. మరోవైపు 1985 ధరల్లో 260 కోట్ల పౌండ్లవుతుందనుకున్న నిర్మాణ ఖర్చు 465 కోట్ల పౌండ్లకు చేరింది. వడ్డీల భారం అంతకన్నా వేగంగా పెరిగింది. 1995 సెప్టెంబరుకల్లా సొరంగం కంపెనీ తన ప్రధాన అప్పుల మీద వడ్డీ కట్టడం ఆపేసింది.

అంచనా తప్పిందని ఇంత చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అంచనాలో ఏ ముక్క తప్పిందో తేల్చడం వేరే పని. పూర్తయిన ప్రాజెక్టులో నిజంగా వచ్చిన డబ్బునీ పోయిన డబ్బునీ తొలినాటి అంచనా పక్కన పెట్టి, ఒక్కో పద్దూ పోల్చి చూసే ఆ పనిని పోస్ట్ ఆడిట్ అంటారు. మామూలు ఆడిటర్ డబ్బు సక్రమంగా ఖర్చయిందా అని అడుగుతాడు. ఇక్కడ అడిగేది, ఆ రోజు మన చేత ‘సరే’ అనిపించిన లెక్క ఎంత నిజం అని.

ఆ ‘సరే’ అనిపించేది సాధారణంగా నికర ప్రస్తుత విలువ, అంటే ఎన్‌పీవీ. ముందు ముందు వచ్చే డబ్బును ఈనాటి విలువకు తగ్గించి, అందులోంచి పెట్టుబడిని తీసేస్తే మిగిలేది అది. ఏడాదికి 12 శాతం చొప్పున చూస్తే వచ్చే ఏడాది చేతికందే 100 రూపాయలు ఈ రోజు 89 రూపాయలతో సమానం. మిగిలేది సున్నా కన్నా ఎక్కువైతే ప్రాజెక్టు చేపట్టవచ్చు. సూత్రంలో తప్పు పట్టేదేమీ లేదు. దానికి మనం అందించే అంకెలతోనే చిక్కంతా.

ఛానెల్ సొరంగం లెక్కను 2006లో రికార్డ్ అంగేరా అనే పరిశోధకుడు తిరగేశాడు. రాబడిని అతను మూడు ముక్కలుగా చూశాడు. ఛానెల్ దాటేవాళ్లు మొత్తం ఎందరు, వాళ్లలో సొరంగానికి వచ్చే వాటా ఎంత, ఒక్కొక్కరి నుంచి వచ్చే డబ్బు ఎంత. విచిత్రమేమిటంటే వాటా అంచనా చాలావరకు సరిపోయింది. ఫెర్రీలను వదిలి సొరంగంలోకి జనం వస్తారన్న నమ్మకం వమ్ము కాలేదు. మొత్తం మార్కెట్ మాత్రం అనుకున్నంత పెద్దది కాలేదు, అనుకున్నంత వేగంగా పెరగనూ లేదు. పైగా ఫెర్రీ కంపెనీలు చేతులు ముడుచుకుని కూర్చోకుండా ఛార్జీలు తగ్గించాయి. సొరంగమూ తగ్గించక తప్పలేదు. లాభపడింది ప్రయాణికులు, నష్టపోయింది సొరంగం యజమానులూ ఫెర్రీల యజమానులూ. అన్నీ కలిపి చూస్తే, సొరంగం కట్టకపోయి ఉంటేనే బ్రిటన్ ఆర్థిక వ్యవస్థకు మేలని అంగేరా లెక్క తేల్చింది.

ఈ విడదీత ఎలా చేస్తారో గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకటి ఊహించుకుని చూద్దాం. అంకెలు లెక్క కోసం పెట్టుకున్నవే. లక్ష బస్తాలు పట్టే గోదాములో 90 వేల బస్తాలు నిండుతాయని, సీజనుకు బస్తాకు 200 రూపాయల అద్దె వస్తుందని యజమాని బ్యాంకుకు రాసిచ్చాడు. ఏటా కోటీ 80 లక్షలు రావాలి. నిండింది 80 వేల బస్తాలు, వచ్చిన అద్దె 180. రాబడి కోటీ 44 లక్షలు. తగ్గింది 36 లక్షలు.

ఇందులో బస్తాలు తగ్గినందుకు పోయింది, 10 వేల బస్తాలను అనుకున్న అద్దె 200తో గుణిస్తే, 20 లక్షలు. అద్దె పడిపోయినందుకు పోయింది, నిండిన 80 వేల బస్తాలకు 20 రూపాయల చొప్పున, 16 లక్షలు. ఇదే తేడా పదేళ్లు కొనసాగితే, 12 శాతం మీద 36 లక్షలను 5.65తో గుణించాలి. ఎన్‌పీవీలో దాదాపు 2 కోట్ల 3 లక్షలు ఎగిరిపోయినట్టు.

ఆ రెండు ముక్కలకూ మందు ఒకటి కాదు. ఒక్క ఏడాది పంట దెబ్బతిని బస్తాలు తగ్గితే, అలాంటి ఏడాది మళ్లీ వస్తుందని తర్వాతి అంచనాలో చోటివ్వాలి. చుట్టుపక్కల కొత్త గోదాములు లేచి అద్దె పడిపోతే, అది ఫెర్రీ కంపెనీల కథే. మన రాకతో పోటీదారు ధర మారుస్తాడన్న సంగతిని ఈసారి ముందే లెక్కలో రాయాలి. రాబడి 36 లక్షలు తగ్గిందని రాసి ఫైలు మూసేస్తే ఈ రెండూ తెలియవు.

ఇక్కడ ఒక న్యాయం పాటించాలి. నిర్ణయం తీసుకున్న రోజున ఏమి తెలిసే వీలుంది అని అడగాలి. 1987లో సొరంగం అంచనా వేస్తున్నవాళ్లకు ఫెర్రీలు ధర తగ్గిస్తాయన్నది తట్టి ఉండాల్సింది. ఎదుటివాడి వ్యాపారం లాక్కునేవాడికి అది కొత్త సంగతి కాదు. కానీ 1990లలో ఐరోపా విమానయానంపై ఆంక్షలు సడలి, చౌక విమానాలు పుట్టుకొచ్చి ప్రయాణికులను పంచుకుంటాయని ఊహించలేదని వాళ్లను తప్పు పట్టడం అన్యాయం. మొదటిది అంచనాలో లోపం, రెండోది దురదృష్టం. రెండింటినీ ఒకే గాటన కడితే ఆడిట్ శిక్షగా మారుతుంది. అప్పుడు అంచనా వేసేవాళ్లు భయపడి రాబడి తగ్గించి చూపుతారు, మంచి ప్రాజెక్టులే తిరస్కారానికి గురవుతాయి.

ఇంకో మెలిక ఉంది. నా దృష్టిలో అసలైనది ఇదే. అందరూ నిజాయితీగా లెక్క వేసినా, ఎంపికైన ప్రాజెక్టులు సగటున నిరాశే మిగులుస్తాయి. పది ప్రతిపాదనల అంచనాల్లో కొన్ని పొరపాటున పైకి, కొన్ని కిందికి జరిగి ఉంటాయి. ఎన్‌పీవీ ఎక్కువున్న మూడింటిని ఎంచుకున్నప్పుడు, పైకి జరిగినవే మన చేతికి ఎక్కువగా చిక్కుతాయి. కిందికి జరిగి తిరస్కరించబడినవి ఎంత బాగా నడిచేవో ఆడిట్‌కు ఎన్నటికీ కనబడదు. అందుకే నాలుగు ప్రాజెక్టుల్లో తేడా కనబడగానే మోసం జరిగిందనుకోకూడదు. వరుసగా ఒకే పద్దులో, ఒకే దిక్కుకు తేడా వస్తుంటే మాత్రం ఆగి చూడాలి.

అలా దొరికిన తేడాను తర్వాతి లెక్కలో ఎక్కడ సరిదిద్దాలి? చాలామంది చేసే పని, భద్రంగా ఉంటుందని 12 శాతం ఉన్న రేటును 15కి పెంచడం. అది తప్పుచోట కట్టు కట్టడం. నిర్మాణ ఖర్చులో ఎక్కువ భాగం మొదట్లోనే అవుతుంది కాబట్టి రేటు పెంచినా ఆ అంకె పెద్దగా కదలదు. ఖర్చు 80 శాతం పెరిగే ప్రమాదం అలాగే ఉండిపోతుంది. దూరపు ఏళ్లలో వచ్చే రాబడి మాత్రం అకారణంగా చిక్కిపోతుంది. సరిదిద్దాల్సింది తప్పిన పద్దునే.

బ్రిటన్ ఆర్థిక శాఖ ఇదే దారి పట్టింది. పూర్తయిన పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టులను పరిశీలించిన 2002 నాటి ఒక అధ్యయనం ఆధారంగా, కొత్త ప్రతిపాదనల్లో మొదటే ఖర్చును పెంచి చూడమని చెప్పింది. మామూలు సివిల్ నిర్మాణానికి 44 శాతం వరకు, అసాధారణమైనదానికి 66 శాతం వరకు కలపాలి. డిజైను తేలి, నేల పరీక్షలు అయ్యి, ప్రమాదాలు ఒక్కొక్కటే చేతికి అందుతున్నకొద్దీ ఆ శాతాన్ని తగ్గించుకుంటూ రావచ్చు.

ఎప్పుడు కొలవాలన్నదీ తేల్చుకోవాలి. ఇంగ్లండ్ హైవేల సంస్థ పెద్ద రోడ్లను తెరిచిన ఏడాదికి ఒకసారి, అయిదేళ్లకు మరోసారి చూసేది. మొదటిసారి నిర్మాణ ఖర్చు, ఆలస్యం స్పష్టంగా తెలుస్తాయి. రాకపోకలు స్థిరపడ్డాయో లేదో రెండోసారి గానీ తెలియదు. యూరోస్టార్ ఏడాదికి కోటి మంది గీత దాటింది 2013లో. అదే నష్టం లెక్కల్లో ఉన్నా సొరంగాన్ని మూయమని ఎవరూ అనలేదు. తవ్వకానికి పోసిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు. రోజువారీ రైళ్లు నడిపితే ఖర్చులు పోను మిగులుతున్నంతకాలం నడపడమే సబబు. 2007లో అప్పులను సగానికి పైగా తగ్గించి కంపెనీని నిలబెట్టారు, 2009లో అది తొలిసారి వాటాదారులకు డివిడెండ్ ఇచ్చింది.