గేటు మోటార్ ఎంత బలంగా తోయాలి?

గేటు మోటార్ కొనడానికి వెళ్తే దుకాణంలో ముందుగా అడిగేది గేటు బరువు. డబ్బాల మీద కూడా 600 కిలోలు, 800 కిలోలు, 1000 కిలోలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కానీ జారుడు గేటు విషయంలో మోటార్ బరువు ఎత్తదు. బరువంతా కింది చక్రాల మీదా, వాటి కింది పట్టా మీదా ఉంటుంది. మోటార్ చేసే పని అడ్డంగా తోయడం. ఆ తోపుకు ఎంత బలం కావాలో గేటు బరువుతో పాటు చక్రాలు, పట్టా, నేల వాలు కూడా నిర్ణయిస్తాయి. అందుకే 800 కిలోల మోటార్ ఒక ఇంట్లో 500 కిలోల గేటును పదేళ్లు లాగుతుంది, పక్కింట్లో అంతే బరువున్న గేటు దగ్గర రెండేళ్లకే మూలుగుతుంది.

ఏర్పాటు చూడ్డానికి చాలా తేలిక. గేటు అడుగున పొడవునా పళ్లున్న ఇనుప కడ్డీ బిగిస్తారు. అది ర్యాక్. మోటార్ పెట్టె నుంచి బయటికి వచ్చే చిన్న పళ్ల చక్రం పినియన్. పినియన్ తిరిగితే ర్యాక్ ముందుకో వెనక్కో కదులుతుంది, దాంతో గేటూ కదులుతుంది. గేటు కింది చక్రాన్నే మోటార్‌తో తిప్పితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. వానలో పట్టా తడిస్తే, బురద పడితే ఆ చక్రం ఉన్నచోటే తిరిగి జారుతుంది. మెట్టుపాలయం నుంచి ఊటీకి వెళ్లే కొండరైలుకు కల్లార్, కూనూర్‌ల మధ్య పట్టాల నడుమ పళ్ల కడ్డీ వేసింది కూడా ఇందుకే. అక్కడ 12 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎక్కాలి, అంత ఎక్కుడులో ఇనుప చక్రం ఇనుప పట్టాను పట్టుకోలేదు.

ఇక లెక్కకు ఓ మామూలు అపార్ట్‌మెంట్ గేటు తీసుకుందాం. బరువు 500 కిలోలు, తెరుచుకోవాల్సిన దారి 4 మీటర్లు. ఒక కిలో బరువును సుమారు 10 న్యూటన్లు అనుకుంటే గేటు బరువు 5000 న్యూటన్లు. బేరింగులు బాగుండి, పట్టా శుభ్రంగా ఉంటే దాన్ని దొర్లించడానికి బరువులో నూటికి రెండు వంతుల బలం చాలు, అంటే 100 న్యూటన్లు. పట్టాలో ఇసుక, కంకర చేరి చక్రం బిగుసుకుంటే అదే నూటికి ఐదు వంతులై 250 న్యూటన్లవుతుంది. నేల మీటరుకు ఒక సెంటీమీటరు వాలి ఉంటే ఎక్కే వైపు మరో 50 న్యూటన్లు కలపాలి.

చాలామంది మరిచిపోయేది కదలిక మొదలయ్యే క్షణం. ఆగి ఉన్న గేటు అరసెకనులో నిమిషానికి పదిన్నర మీటర్ల వేగం అందుకోవాలంటే ఒక్క ఆ పనికే దాదాపు 175 న్యూటన్లు కావాలి. అంటే శుభ్రమైన పట్టా మీద కూడా మొదటి తోపు 325 న్యూటన్లు. మనిషి చేతితో తోస్తే 32, 33 కిలోల ఒత్తిడి. ఒక్కసారి కదిలాక అందులో సగం కూడా అవసరం లేదు.

ఈ తోపును మోటార్ ఎలా ఇస్తుందో తేల్చేది పినియన్. ఇళ్ల గేట్ల ర్యాకుల్లో ఎక్కువగా వాడేది మాడ్యూల్ 4. మాడ్యూల్‌ను పళ్ల సంఖ్యతో గుణిస్తే పినియన్ కొలత వ్యాసం వస్తుంది. 18 పళ్లుంటే 72 మిల్లీమీటర్లు, వ్యాసార్థం 36. తోపును వ్యాసార్థంతో గుణిస్తే పినియన్ ఇరుసు మీద కావాల్సిన తిప్పుడు బలం, అంటే టార్క్ వస్తుంది. 325 న్యూటన్లను 0.036 మీటరుతో గుణిస్తే సుమారు 12 న్యూటన్ మీటర్లు. పట్టా మురికిగా ఉంటే 17 దాకా పోతుంది. కాబట్టి ఈ గేటుకు పినియన్ దగ్గర 25 న్యూటన్ మీటర్లు ఇవ్వగల యంత్రం ఉంటే నిశ్చింత.

గేటు మెల్లగా పోతోంది, పెద్ద పినియన్ వేయండి అని కొందరు పట్టుబడతారు. పినియన్ నిమిషానికి 47 చుట్లు తిరుగుతుంటే 18 పళ్లతో గేటు 4 మీటర్లు నడవడానికి 23 సెకన్లు పడుతుంది. 24 పళ్లు వేస్తే 17 సెకన్లు. మిగిలేది ఆరు సెకన్లు. కానీ వ్యాసార్థం 48 మిల్లీమీటర్లవుతుంది, వేగం పెరిగింది కాబట్టి మొదటి తోపు కూడా 385 న్యూటన్లకు చేరుతుంది. టార్క్ 12 నుంచి పద్దెనిమిదిన్నరకు ఎగబాకుతుంది. ఆగాల్సిన చోట గేటు కొట్టే దెబ్బ శక్తి దాదాపు ఒకటి ముప్పావు రెట్లవుతుంది. ఆ ఆరు సెకన్లకు ఇది చాలా ఎక్కువ ధర.

అలాగని బలమైన మోటార్ వేసి ఊరుకోవడమూ ప్రమాదమే. 370 వాట్ల మోటార్ ఇరుసు మీద సుమారు రెండున్నర న్యూటన్ మీటర్లు ఇస్తుంది. 30కి 1 వర్మ్ గేరు దాన్ని పెంచుతుంది, అయితే రాపిడిలో దాదాపు సగం పోతుంది. చివరికి పినియన్ దగ్గర 38 న్యూటన్ మీటర్లు, ర్యాక్ మీద వెయ్యి న్యూటన్లకు పైగా తోపు వస్తుంది. గేటుకూ స్తంభానికీ మధ్య చిక్కిన పిల్లాడి మీద నూరు కిలోల ఒత్తిడి అన్నమాట. ఇరుకు సందులో మూసుకునే గేటు తాకిన క్షణంలో 400 న్యూటన్లకు మించకూడదని, ముప్పావు సెకనులో అది 150కి దిగాలని ఐరోపా ప్రమాణాలు చెబుతాయి. అందుకే కంట్రోల్ బోర్డులో బలం తగ్గించే అమరికను చివరిదాకా తిప్పి వదిలేయకూడదు. దారికి అడ్డంగా ఫోటోసెన్సర్ తప్పక పెట్టించుకోవాలి.

కొనేముందు చేయాల్సిన పరీక్షకు పాతిక, యాభై కిలోలు చూపే వేలాడే కాటా ఒకటి చాలు. దాని కొక్కేన్ని గేటుకు తగిలించి మెల్లగా లాగాలి. కదిలేటప్పుడు ఎంత, నడుస్తుండగా ఎంత చూపిందో రాసుకోవాలి. రెండు వైపులా లాగితే వాలు బయటపడుతుంది. 500 కిలోల గేటు నడుస్తూ 25 కిలోలు చూపిస్తే మోటార్ మార్చే ముందు చక్రాల బేరింగులు, పట్టా చూడాలి. మోటార్ బిగించిన గేటు అయితే రిలీజ్ తాళం తిప్పి పినియన్‌ను విడిపించాకే ఈ పరీక్ష చేయాలి, ఎందుకంటే వర్మ్ గేరు వెనక్కి తిరగదు. కరెంటు పోయినప్పుడు కావాల్సింది కూడా ఆ తాళమే కాబట్టి అది ఎక్కడుందో వాచ్‌మన్‌కు తెలిసి ఉండాలి.

అయితే పాడైన మోటార్లలో అసలు దోషం తరచు బలంలో ఉండదు, ర్యాక్‌కూ పినియన్‌కూ మధ్య సందులో ఉంటుంది. పంటి మొనకూ ఎదుటి పంటి మొదలుకూ నడుమ ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. పంటి వాలు వల్ల తోపులో మూడో వంతుకు పైగా బలం ర్యాక్‌ను పైకి, పినియన్‌ను కిందికి నెడుతుంది. ఆ పాటి భారాన్ని ఇరుసు మోస్తుంది. కానీ చక్రాలు అరిగి గేటు దిగితే ఆ ఖాళీ పూర్తిగా పోయి, ఐదు వందల కిలోల గేటులో కొంత భాగం నేరుగా పినియన్ మీద కూర్చుంటుంది. అందుకే ర్యాక్‌కు నిలువు గాళ్ల రంధ్రాలుంటాయి. మొదట పినియన్ మీద ఆనించి బిగించి, తర్వాత అంతా ఒకేలా రెండు మిల్లీమీటర్లు పైకి జరుపుతారు.

ముక్కల అతుకు దగ్గర మరో చిక్కుంది. మాడ్యూల్ 4 ర్యాక్‌లో పంటికీ పంటికీ దూరం 12.57 మిల్లీమీటర్లు, 80 పళ్లకు మీటరు దాటి 5 మిల్లీమీటర్లు. రెండు ముక్కలు కలిసే చోట ఈ దూరం తేడా పడితే మీటరు మీటరుకూ టక్కుమని చప్పుడొస్తుంది. మూడో ముక్కను తిరగేసి అతుకు మీద పళ్లలోకి దించి, అది కదలకుండా కూర్చున్నాకే బోల్టులు బిగించాలి. పినియన్ కింద మెరిసే ఇనుప రజను రాలుతుంటే గేటు దిగిందనే అర్థం. అప్పుడు ర్యాక్ ఎత్తే ముందు చక్రాలు చూడాలి.