యంత్రం తరుగుదల, వాయిదా పడిన పన్ను

ఒక కంపెనీ ఏప్రిల్‌లో 15 లక్షల రూపాయలకు యంత్రం కొన్నదనుకుందాం. ఆ ఖర్చును 15 ఏళ్లకు సమానంగా పంచితే ఖాతా పుస్తకాల్లో తరుగుదల ఏటా లక్ష. ఆదాయపు పన్ను లెక్కలో మాత్రం, మిగిలిన విలువపై 15 శాతం చొప్పున, మొదటి ఏడాదే 2.25 లక్షలు. తేడా 1.25 లక్షలు. పన్ను రేటు 25 శాతమైతే 31,250 రూపాయలు ఆ ఏడాది కట్టనక్కర్లేదు.

ఇది మాఫీ కాదు, వాయిదా మాత్రమే. అందుకే ఆ మొత్తాన్ని లాభంలోంచి తీసి, డిఫర్డ్ టాక్స్ బాధ్యతగా బ్యాలెన్స్ షీట్‌లో చూపాలి. లేకుంటే లాభం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది.

ఆరో ఏట పన్ను తరుగుదల 99,834 రూపాయలకు దిగి, పుస్తకాల్లోని లక్షకంటే తక్కువవుతుంది. అప్పటినుంచి ఈ బాధ్యత కరుగుతుంది. ఏటా కొత్త యంత్రాలు కొనే కంపెనీలో మాత్రం మొత్తం బాధ్యత ఏళ్ల తరబడి తగ్గకపోవచ్చు.