రక్తం బాగుంది, మరి మందులెందుకు?

అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా వచ్చిన ఆరేళ్ల బాబును ఊహించుకోండి. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల క్యాన్సర్ కణాలుంటాయి. మొదటి దశ ఇండక్షన్. నాలుగైదు వారాల్లో స్టెరాయిడ్లు, విన్‌క్రిస్టిన్ వంటి మందులతో దాదాపు పిల్లలందరిలో జబ్బు అదుపులోకి వస్తుంది. మైక్రోస్కోపు కింద మూలుగ మామూలుగానే కనిపిస్తుంది. కానీ వెయ్యింట 999 కణాలు చచ్చినా, ఇంకా వంద కోట్లు మిగులుతాయి!

అందుకే రెండో దశలో కొన్ని నెలలపాటు మందులు మార్చి మార్చి ఇస్తారు. సెలైన్లో ఎక్కించే చాలా మందులు మెదడును సరిగా చేరవు. కాబట్టి వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ ఇస్తారు.

చివరిదైన మెయింటెనెన్స్ దశే అన్నిటికన్నా పొడవు. మిగిలిన కణాల్లో కొన్ని నిద్రాణంగా ఉంటాయి. ఈ దశ మందులు ముఖ్యంగా విభజన చెందుతున్న కణాన్నే చంపుతాయి. ఒక్కో కణం మేల్కొనేసరికి మందు ఒంట్లో సిద్ధంగా ఉండాలి. అందుకే మొత్తం చికిత్స రెండేళ్లకు పైగా సాగుతుంది. జపాన్‌లో ఏడాదికే ఆపి చూస్తే, జబ్బు తిరగబెట్టడం పెరిగింది.

ఇంట్లో 6-మెర్కాప్టోప్యూరిన్ మాత్ర రోజూ వేయాలి, మెథోట్రెక్సేట్ మాత్రలు వారానికి ఒక్కరోజే. వాటిని పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. ఆ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాబు ఆడుకుంటున్నాడని మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.